చెవిపోటుతో రసి కారుతుంటే ఏ చుక్కల మందు? మెడికల్ షాపు కౌంటర్ దగ్గర తేలాల్సిన సంగతి

క్లుప్తంగా: చెవిపోటుకు చుక్కల మందు అడగడం మామూలే. పోటుతోపాటు రసి కూడా కారుతుంటే మాత్రం లెక్క మారిపోతుంది. ఆ రసి కర్ణభేరికి ఇవతల పుట్టిందా, అవతలి నుంచి చిల్లు గుండా వస్తోందా అన్నది తేలకుండా చుక్కలు వేయడం చీకట్లో రాయి విసరడమే. కౌంటర్ దగ్గర చెవి లోపలికి చూసే వీలుండదు. నొప్పి ముందు వచ్చిందా, రసి ముందు వచ్చిందా, రసి వచ్చాక నొప్పి తగ్గిందా అని అడిగితే చాలా వరకు తెలుస్తుంది.

ఇలాంటి సంభాషణ ఊళ్లలో ఏ మందుల షాపులోనైనా వినిపించేదే. మచ్చుకు ఒకటి.

"అన్నా, చెవిపోటుకు డ్రాప్స్ ఇవ్వన్నా. బాబుకి చెవిలోంచి చీము వస్తోంది."

"ఎన్నేళ్లమ్మా బాబుకి?"

"ఆరు నిండాయి."

"పోటు ఎప్పుడు మొదలైంది? చీము ఎప్పట్నుంచి?"

"నాలుగు రోజులుగా జలుబు. మొన్న రాత్రి చెవి పట్టుకుని ఒకటే ఏడుపు. తెల్లవారుజామున ఎప్పుడో నిద్రపోయాడు. పొద్దున లేచి చూస్తే దిండు మీద పసుపుపచ్చ మరక."

"మరి ఇప్పుడు నొప్పి ఉందంటున్నాడా?"

"అప్పటంత లేదు. ఆడుకుంటున్నాడు. రసి మాత్రం ఆగట్లేదు. మా అత్తయ్య దగ్గర ఈ సీసా ఉంటే రాత్రి రెండు చుక్కలు వేశాం. మంట మంట అని గోలపెట్టాడు, ఆపేశాం. ఇలాంటిదే కొత్తది ఒకటి ఇవ్వన్నా."

ఆమె కౌంటర్ మీద పెట్టిన సీసా సగం ఖాళీ. మూత చుట్టూ జిడ్డు, లేబుల్ మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. ఆమె అడిగింది ఒక సీసా. ఈలోపే ఆమె నోటి నుంచి రోగ నిర్ధారణకు కావలసిన వివరాలు దాదాపు అన్నీ వచ్చేశాయి. వాటిని వరుసలో పెట్టుకోవడమే ఫార్మసిస్టు చేయాల్సిన పని.

రసి రాగానే నొప్పి ఎందుకు తగ్గింది

చెవి రంధ్రం నుంచి లోపలికి సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో కర్ణభేరి ఉంటుంది. పిల్లల్లో ఈ నాళం ఇంకా పొట్టి. ఒక మిల్లీమీటర్‌లో పదో వంతు మందం మాత్రమే ఉండే పలుచటి పొర అది. దానికి అవతల మధ్య చెవి అనే చిన్న గది ఉంది. ఆ గదిలోకి గాలి వచ్చేది బయటి నుంచి కాదు, ముక్కు వెనుక, గొంతు పైభాగంలో తెరుచుకునే సన్నటి యూస్టేషియన్ గొట్టం గుండా. చిన్నపిల్లల్లో ఈ గొట్టం పెద్దలకన్నా పొట్టిగా, ఏటవాలు తక్కువగా ఉంటుంది. జలుబు చేస్తే దాని గోడలు వాచి దారి మూసుకుపోతుంది. లోపల నీరు చేరుతుంది, ముక్కు వైపు నుంచి వచ్చిన క్రిములు అందులో పెరుగుతాయి, నీరు కాస్తా చీమవుతుంది. బయటికి దారి లేని చీము కర్ణభేరిని లోపలి నుంచి నెడుతుంది. పిల్లవాడు రాత్రంతా చెవి పట్టుకుని ఏడ్చేది ఆ ఒత్తిడి వల్లే.

ఒత్తిడి బాగా పెరిగితే కర్ణభేరి ఒకచోట చిట్లుతుంది. చీము బయటికి వస్తుంది, ఒత్తిడి దిగుతుంది, నొప్పి చటుక్కున తగ్గుతుంది. పిల్లవాడు నిద్రపోతాడు. తెల్లవారి దిండు మీద మరక కనిపిస్తుంది. తల్లి చెప్పిన వరుస అచ్చం ఇదే: జలుబు, పోటు, రసి, ఆపైన ఉపశమనం. ఈ నాలుగూ ఈ క్రమంలో వచ్చాయంటే మధ్య చెవిలో చీము పట్టి కర్ణభేరికి చిల్లు పడిందని గట్టిగా అనుమానించాలి.

నొప్పి తగ్గింది కదా అని ఇంట్లోవాళ్లు జబ్బు నయమవుతోందనుకుంటారు. అది సగమే నిజం. ఇలా పడిన చిన్న చిల్లు చాలామందిలో కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో దానంతటదే పూడుకుంటుంది. పూడుకునేదాకా మాత్రం బయటి చెవికీ మధ్య చెవికీ మధ్య తలుపు తెరిచి ఉన్నట్టే. ఆ తలుపు గుండా ఏది లోపలికి పోతుందన్నదే ఇక్కడి అసలు సమస్య.

అత్తయ్య సీసాలో ఏముంది

చెరిగిపోగా మిగిలిన అక్షరాలను కూడబలుక్కుంటే నాలుగు పేర్లు కనిపిస్తాయి: పారాడైక్లోరోబెంజీన్, బెంజోకేన్, క్లోర్‌బ్యుటాల్, టర్పెంటైన్ నూనె. మన దగ్గర ఎన్నో ఇళ్లలో అలమరలో కనిపించే కలయిక ఇది. గట్టిపడిన గులిమిని మెత్తబరచడానికి తయారుచేసిన మందు. ఇందులోని బెంజోకేన్ చర్మాన్ని మొద్దుబారుస్తుంది కాబట్టి వేయగానే కాస్త నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది. అలా అది జనం నోట్లో "చెవిపోటు మందు" అయిపోయింది.

కర్ణభేరి నిండుగా ఉన్నప్పుడు ఈ మందు నాళంలోని చర్మం మీదే ఆగిపోతుంది. చిల్లు ఉంటే అదే ద్రవం మధ్య చెవిలోకి దిగుతుంది. అక్కడ ఉండేది చర్మం కాదు, నోటి లోపలి పొరలాంటి మెత్తటి తడి పొర. గులిమిని కరిగించే రసాయనాలు దాన్ని మండిస్తాయి. బాబు మంటని గోలపెట్టడం, అంతకుముందు కథతో కలిపి చూస్తే, చిల్లు ఉందనడానికి మరో ఆనవాలు. కాస్త పెద్దపిల్లల్లో, పెద్దల్లో ఇంకో ఆనవాలు కూడా దొరుకుతుంది: చెవిలో వేసిన మందు చేదు గొంతులో తెలుస్తుంది. చిల్లు గుండా మధ్య చెవిలోకి, అక్కడి నుంచి యూస్టేషియన్ గొట్టం గుండా గొంతులోకి దిగితేనే అలా జరుగుతుంది. "చెవిలో వేస్తే గొంతు చేదయింది" అన్న మాట వింటే ఫార్మసిస్టు ఆ సీసాను పక్కన పెట్టేయాలి.

వేడిచేసిన వెల్లుల్లి నూనె, కొబ్బరి నూనె, చనుబాలు కూడా ఇదే దారిన లోపలికి పోతాయి. చెవి కారుతున్నప్పుడు వీటిలో ఏదీ పోయకూడదు. సీసా పాతదవడం మరో చిక్కు. తెరిచిన చెవి చుక్కలను సాధారణంగా నెల దాటాక వాడకూడదు. ఒకరి చీముకు తగిలిన కొనతో ఇంకొకరికి వేస్తే క్రిములు కూడా చేతులు మారతాయి.

యాంటీబయాటిక్ చుక్కలన్నీ ఒకటి కావు

"పోనీ, చీముకు యాంటీబయాటిక్ చుక్కలివ్వు" అని అడగడం సహజం. ఇక్కడ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. మార్కెట్లో దొరికే చెవి చుక్కల్లో కొన్నింటిలో జెంటామైసిన్, నియోమైసిన్ వంటి అమైనోగ్లైకోసైడ్ జాతి మందులుంటాయి. మధ్య చెవికీ లోపలి చెవికీ నడుమ గుండ్రటి కిటికీ అనే చిన్న పొర ఉంది. చిల్లు గుండా మధ్య చెవిలో చేరిన మందు ఆ పొరలోంచి లోపలి చెవి ద్రవంలోకి ఇంకగలదు. అక్కడ వినికిడికీ, శరీరం తూలకుండా నిలబడడానికీ ఆధారమైన రోమ కణాలుంటాయి. అమైనోగ్లైకోసైడ్లు వాటిని చంపుతాయి. మనుషుల్లో అవి మళ్లీ మొలవవు.

ఇది కాగితం మీది భయం కాదనడానికి చెవి వైద్యంలోనే రుజువుంది. మెనియర్ వ్యాధిలో కొందరికి తల తిరుగుడు ఎంతకీ అదుపులోకి రాదు. అలాంటివారికి నిపుణులు కర్ణభేరి గుండా సూదితో జెంటామైసిన్‌ను కావాలనే మధ్య చెవిలోకి ఎక్కిస్తారు. అది లోపలికి ఇంకి, ఆ వైపు సమతుల్యతను చూసే కణాలను దెబ్బతీసి, తల తిరుగుడును ఆపుతుంది. వైద్యుడు లెక్కగట్టి చేసే ఆ పనిని చిల్లున్న చెవిలో చుక్కల సీసా తెలియకుండా చేయగలదు.

రెండు మూడు రోజులు వేసినంత మాత్రాన ప్రతి చెవీ పాడైపోదు. చీము ఉధృతంగా ఉన్నప్పుడు గుండ్రటి కిటికీ మీది పొర వాచి మందంగా ఉంటుంది కాబట్టి ఇంకేది తక్కువ. వాపు దిగి, చెవి ఆరుతున్నా "ఇంకో వారం వేద్దాం" అనుకున్నప్పుడు ప్రమాదం పెరుగుతుంది. ఇంట్లో మిగిలిన సీసాను నెలల తరబడి వాడే అలవాటు అందుకే భయపెడుతుంది. చిల్లు ఉందన్న అనుమానం ఉంటే వైద్యులు సాధారణంగా సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ వంటి క్వినోలోన్ చుక్కలే రాస్తారు. వాటికి లోపలి చెవిని దెబ్బతీసే గుణం లేదు.

క్వినోలోన్ అయినా కారుతున్న చెవిలో నేరుగా వేస్తే చీము మీద తేలి బయటికి వచ్చేస్తుంది. చెవిని ముందు ఆరబెట్టాలి. అందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల వైద్య మార్గదర్శకాల్లో చెప్పిన పద్ధతి ఎవరైనా చేయగలిగేది. శుభ్రమైన మెత్తటి నూలు గుడ్డను వత్తిలా పేని చెవిలో పెట్టాలి, తడవగానే తీసేయాలి, కొత్త వత్తి పెట్టాలి. వత్తి పొడిగా బయటికి వచ్చేదాకా ఇలా చేయాలి, రోజుకు మూడుసార్లు. చెవి పుల్లలు దీనికి పనికిరావు. అవి చీమును లోపలికి తోస్తాయి. వత్తిని లోపలే వదిలేయడం, దూది కుక్కి మూసేయడం కూడా తప్పే, రసికి బయటికి దారి ఉండాలి.

అదే మార్గదర్శకం చెవి కారడాన్ని పద్నాలుగు రోజుల గీతతో విడదీస్తుంది. అంతకన్నా తక్కువ రోజులైతే దాన్ని అప్పటికప్పుడు వచ్చిన ఇన్ఫెక్షన్‌గా చూసి, నోటి ద్వారా యాంటీబయాటిక్, నొప్పికి పారాసెటమాల్, వత్తితో ఆరబెట్టడం చెబుతుంది. పద్నాలుగు రోజులు, ఆపైన కారుతుంటే దీర్ఘకాలిక చీము చెవి, దానికి వత్తితోపాటు క్వినోలోన్ చుక్కలు. అంటే ఆరేళ్ల బాబుకు, తల్లి చెప్పిన కథ ప్రకారం, ముందుగా అవసరమయ్యేది ఆమె అడిగిన చుక్కలు కాదు, వైద్యుడు చూసి రాసే నోటి మందు.

చుక్కలే సరైన మందు అయ్యే సందర్భం

అదే షాపుకు ఓ యువకుడు వచ్చి ఇంకో కథ చెబుతాడు. సెలవుల్లో నాలుగు రోజులు కాలవలో ఈత కొట్టాడు. చెవి దురద పెడితే బైక్ తాళంతో గీరాడు. మర్నాటి నుంచి నొప్పి. జలుబు లేదు. రసి కొద్దిగానే ఉంది, అది వచ్చాక కూడా నొప్పి తగ్గలేదు, పెరిగింది. దవడ ఆడిస్తే ప్రాణం పోతోందంటాడు.

చెవి డొప్పను కొంచెం లాగి చూసుకోమనాలి, చెవి రంధ్రం ముందుండే మెత్తటి బొడిపెను నొక్కుకోమనాలి. ఆ రెంటికీ నొప్పి ఎగిసిపడితే రోగం ఎక్కువగా బయటి నాళం చర్మంలోనే ఉంటుంది. మధ్య చెవి జబ్బులో డొప్ప లాగినా పెద్ద తేడా తెలియదు. బయటి నాళం చర్మం వాచినప్పుడు చుక్కలే ప్రధాన చికిత్స, ఎందుకంటే మందు నేరుగా జబ్బున్న చోటికే చేరుతుంది. అయినా వాపుతో నాళం మూసుకుపోతే చుక్క లోపలికి దిగదు, వైద్యుడు చిన్న పట్టీ పెట్టి దాని మీద మందు వేయాల్సి వస్తుంది. దురదే ఎక్కువై, నల్లటి చుక్కలతో తడిసిన కాగితంలాంటి ముద్ద కనిపిస్తే అది బూజు. యాంటీబయాటిక్ చుక్కలు ఎక్కువ రోజులు వేయడం వల్ల కూడా బూజు పడుతుంది. దానికి మళ్లీ అవే చుక్కలు వేస్తే ఇంకా పెరుగుతుంది.

ఈ వర్గంలోనే ఒక మనిషిని మాత్రం చుక్కల సీసాతో ఇంటికి పంపకూడదు. ఆయనకు అరవై దాటాయి, షుగర్ ఉంది. పిన్నీసుతో చెవి గీరుకున్నాడు. ఇంట్లో ఉన్న సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు రెండు వారాలుగా వేస్తున్నాడు. రసి కొద్దిగా తగ్గినట్టుంది గానీ రాత్రిళ్లు నొప్పికి నిద్ర లేదు. కంటికి కనిపించే జబ్బుకీ నొప్పికీ ఇలా పొంతన లేకపోతే సూడోమోనాస్ క్రిమి చర్మం దాటి పుర్రె అడుగు ఎముకలోకి పాకుతోందేమోనని అనుమానించాలి. ఆ దశలో ముఖం ఒక వైపు వంకర పోవచ్చు. చికిత్స వారాల తరబడి సాగుతుంది. చుక్కలు పైపై రసిని తగ్గించి ఈ జబ్బును కప్పిపెడతాయి. "షుగర్ ఉందా?" అన్న ప్రశ్న కౌంటర్ దగ్గర అడగడానికి రెండు క్షణాలు పడుతుంది.

నియమాలు ఏమంటున్నాయి, మరోచోట ఎలా చేస్తున్నారు

1945 నాటి ఔషధ నియమావళిలోని షెడ్యూల్ హెచ్ మందులను వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ జాబితాలోని మందులు పైపూతగా ఉంటే సాధారణంగా మినహాయింపు ఉంటుంది. చెవి చుక్కల్లో యాంటీబయాటిక్ గానీ స్టిరాయిడ్ గానీ ఉంటే ఆ మినహాయింపు వర్తించదు. "చుక్కలే కదా, మాత్రలు కావు కదా" అన్న వాదన అందుకే నిలవదు. ఆచరణలో చీటీ లేకుండానే చాలాచోట్ల చేతికొస్తున్నాయన్నది అందరికీ తెలిసిందే. దానికి కారణం కేవలం నిర్లక్ష్యం కాదు. చెవి వైద్యుడు దూరపు పట్నంలో ఉంటాడు, వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది, షాపు మాత్రం వీధి చివరే ఉంది. ఈ ఇబ్బంది నిజమైనదే. దాన్ని ఒప్పుకుంటూనే చెప్పాల్సిన మాట ఏమిటంటే, మొదటి చూపుకు చెవి వైద్యుడే అక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడు కూడా ఈ బాబును చూసి మందు మొదలుపెట్టగలడు.

ఇంగ్లండ్‌లో 2024 జనవరి 31 నుంచి ఫార్మసిస్టులే కొన్ని చిన్న జబ్బులకు చికిత్స చేసే పథకం నడుస్తోంది. ఒకటి నుంచి పదిహేడేళ్ల పిల్లల మధ్య చెవి ఇన్ఫెక్షన్ అందులో ఒకటి. అక్కడ ఫార్మసిస్టు లైటున్న పరికరంతో చెవి లోపలికి చూస్తాడు. రసి లేకుండా నొప్పి మాత్రమే ఉంటే మొద్దుబార్చే చుక్కలు ఇవ్వొచ్చు. రసి కారుతుంటే ఆ చుక్కలు ఇవ్వరు, నోటి యాంటీబయాటిక్ వైపు వెళతారు. చూసే పరికరం, రాసే అధికారం రెండూ ఉన్నచోట కూడా రసి కనబడగానే నొప్పి చుక్కలు పక్కకు పోతాయన్నమాట. ఆ రెండూ లేని మన కౌంటర్ దగ్గర అదే జాగ్రత్త ఇంకా గట్టిగా పాటించాలి.

మళ్లీ ఆ తల్లి దగ్గరికి

ఫార్మసిస్టు ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. "చెవి వెనకాల ఎముక దగ్గర వాపు గానీ, ఎర్రగా గానీ ఉందామ్మా? డొప్ప ముందుకి తోసుకొచ్చినట్టుందా?" అలా ఉంటే చీము చెవి వెనుక ఎముకకు పాకిందని అర్థం, అదే రోజు ఆసుపత్రికి పంపాలి. తీవ్ర జ్వరం, మెడ బిగుసుకోవడం, ఆగని వాంతులు, తూలడం, మూతి వంకర ఉన్నా అంతే. "చెవిలో గింజగానీ, పూసగానీ పెట్టుకున్నాడా?" అన్నది రెండోది. ఒక చెవే కారుతూ కంపు కొడుతుంటే పిల్లల్లో ఇది తప్పక అడగాలి.

ఆమె రెంటికీ లేదంది. ఆయన సీసాను ఆమె వైపు తిరిగి నెట్టలేదు.

"ఇది ఇక వెయ్యొద్దమ్మా. బాబు చెవి పొరకి చిల్లు పడినట్టుంది. ఏ చుక్కలూ ఇప్పుడు నేనివ్వను. ఇవాళే పీహెచ్‌సీలో డాక్టరు గారికి చూపించు. నొప్పి ఉంటే పారాసెటమాల్ సిరప్ ఇస్తా. బరువెంత ఉంటాడు?"

"మొన్న బడిలో చూస్తే పద్దెనిమిది కిలోలు."

కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన 270. అయిదు మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే ఒక మోతాదు అయిదు మిల్లీలీటర్లు, మోతాదుకూ మోతాదుకూ మధ్య ఆరు గంటలు, రోజుకు నాలుగుకు మించకుండా. ఇంట్లో 120 లేదా 125 బలం సిరప్ ఉంటే అదే అయిదు మిల్లీలీటర్లలో సగం మందే ఉంటుంది, కాబట్టి సీసా మీద బలం చూసి లెక్కకట్టాలి. స్నానం చేయించేటప్పుడు చెవిలో నీళ్లు పోకుండా చూడమని, ఈతకు పంపొద్దని, గుడ్డ వత్తి పెట్టే తీరు చేత్తో చూపించి ఆయన చెప్పాడు.

సాయంత్రం ఆమె చీటీతో తిరిగొచ్చింది. డాక్టరు రసి తుడిచి చూసి, కర్ణభేరి కింది భాగంలో చిన్న చిల్లు ఉందని రాశాడు. అమాక్సిసిల్లిన్ సిరప్ రాసి, అయిదు రోజుల తర్వాత మళ్లీ రమ్మన్నాడు.

"పోటు పోయిందని మధ్యలో ఆపెయ్యొద్దమ్మా, రాసినన్ని రోజులూ పొయ్యి. రసి ఆగిన తర్వాత కూడా కొన్నాళ్లు వాడికి సరిగా వినబడకపోవచ్చు. టీవీ సౌండు పెంచుతున్నాడా, వెనక నుంచి పిలిస్తే పలుకుతున్నాడా అన్నది చూసుకుంటూ ఉండు."

మధ్య చెవిలో మిగిలిన నీరు ఇంకడానికి వారాలు, ఒక్కోసారి మూడు నెలల దాకా పడుతుంది. ఆ తర్వాత కూడా వినికిడి మందగించి ఉన్నా, చిల్లు పూడకపోయినా, రెండు వారాలు దాటి రసి కారుతున్నా చెవి వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే. ఆ రోజు అత్తయ్య సీసా తిరిగి అలమరలోకి వెళ్లలేదు, షాపులోని చెత్తబుట్టలో పడింది.